మన సైటే మొదట ఉన్నప్పుడు యాడ్ ఎప్పుడు ఆపాలి?

"వనస్థలిపురంలో మాది పిండివంటల షాపు. అత్తగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నాలుగేళ్లుగా వెబ్‌సైట్‌లో కూడా ఆర్డర్లు తీసుకుంటున్నాం. గూగుల్‌లో మా షాపు పేరు కొడితే మా సైటే మొదట వస్తుంది. `sunnundalu online` అని కొట్టినా మాదే మొదటిది. అయినా ఈ రెండిటి యాడ్స్‌కే నెలకి 39,000 రూపాయలు కడుతున్నాం. షాపు పేరుకి 21,000, సున్నుండలకి 18,000. అన్ని ఖర్చులూ పోను ఆర్డరుకి మాకు మిగిలేది 260. యాడ్స్ చూసేది మా ఆడపడుచు కొడుకు. ఖర్చయినదాంట్లో 15 శాతం వాడి ఫీజు. 'అత్తయ్యా, అన్నిటికన్నా చవగ్గా ఆర్డర్లు తెచ్చేది మన పేరు మీద యాడే, దాన్ని ఆపితే ఎలా' అంటాడు. మా వారేమో 'మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి మళ్లీ డబ్బు కట్టడమేంటి, ఇవాళే ఆపెయ్' అంటారు. పోయిన ఏడాది ఆపి చూశాం. వారంలో ఆర్డర్లు పడిపోయాయి, భయపడి మళ్లీ పెట్టేశాం. తర్వాత చూసుకుంటే అది సంక్రాంతి అయిపోయిన వారం. ఇప్పుడు ఆపితే, నా కొడుకు పొట్ట కొట్టారని వదిన అంటుందేమోనని దిగులు. ఆపాలా, వద్దా? ఆపితే ఎప్పుడు? రెండు పదాల వారం లెక్కలూ జతచేస్తున్నాను."

అమ్మా, ముందు ఆ రెండు పదాల్నీ వేరు చేసి చూడండి. మీ షాపు పేరు కొట్టే మనిషి మీ ఇంటి అడ్రసు తెలిసి వస్తున్నవాడు. సున్నుండలు అని కొట్టే మనిషి బజారులోకి వచ్చాడు, ఏ కొట్టు మెట్లెక్కుతాడో తనకే తెలీదు. ఇద్దరూ మీ యాడ్ మీదే నొక్కవచ్చు, రిపోర్టులో ఇద్దరూ ఒకే రకం క్లిక్కుగా కనిపిస్తారు. కానీ యాడ్ లేకపోతే మొదటివాడు ఒక గీత కిందికి దిగి మీ మామూలు లింకు మీద నొక్కుతాడు. రెండోవాడు పక్క కొట్టుకి పోవచ్చు. ఆపాలా వద్దా అన్నది అంతా ఇక్కడే ఉంది. యాడ్ వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయన్నది కాదు, యాడ్ లేకపోతే ఎన్ని రాకుండా పోయేవి అన్నదే మీరు తెలుసుకోవాల్సిన అంకె.

ఈ విషయం మీద పెద్ద కంపెనీలు చేసిన పరీక్షలే రెండు రకాల జవాబులిచ్చాయి. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే అమెరికాలో యాహూ, ఎంఎస్ఎన్‌లలో తన సొంత పేరు ఉన్న పదాలకి యాడ్స్ ఆపేసింది. ఆ క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు లింకుల ద్వారా తిరిగి వచ్చేశాయి. అంటే కట్టిన డబ్బంతా దాదాపు వృథా. అదే ఏడాది గూగుల్ తన ప్రకటనదారుల లెక్కలు తీసి, మామూలు ఫలితాల్లో మొదటి స్థానంలో ఉన్నవాళ్లకి కూడా యాడ్ క్లిక్కుల్లో సగటున సగం, యాడ్ లేకపోతే రానివే అని చెప్పింది. యాడ్స్ అమ్మేది గూగులే అన్న సంగతి గుర్తుంచుకుని చదవాల్సిన లెక్క అది. పైగా అది క్లిక్కుల లెక్క, లాభం లెక్క కాదు. అయినా కొట్టిపారేయలేం. ఎందుకంటే ఈబే ఊరందరికీ తెలిసిన పేరు, గూగుల్ లెక్కలోవి రకరకాల కంపెనీలు, రకరకాల పదాలు. మీ షాపు పేరు ఈబే లాంటిది, మీ సున్నుండలు ఆ రెండో గుంపులోవి. అందుకే మీ మేనల్లుడి మాటగానీ మీ వారి మాటగానీ రెండు పదాలకీ కలిపి వర్తించదు.

పరీక్ష పెట్టేముందు ఒక పని చేయండి. షాపుకి వచ్చిన ఎవరిదైనా ఫోను అడిగి `sunnundalu online` కొట్టించి చూడండి. పైన ధరలతో బొమ్మలు వరసగా పక్కకి జరుగుతుంటాయి. అవీ యాడ్సే. వాటి కింద అక్షరాల యాడ్స్ రెండు మూడు, వాటిలో మీది ఒకటి. కొన్నిసార్లు దగ్గర్లోని షాపులతో మ్యాపు. ఇవన్నీ దాటి, బొటనవేలితో ఒకసారి పైకి తోస్తేగానీ మీ 'మొదటి స్థానం' కనిపించకపోవచ్చు. గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో ఉండే స్థానం అంకె యాడ్స్‌ని లెక్కలోకి తీసుకోదు, అందుకే అక్కడ 1 అని ఉన్నది ఫోనులో రెండో తెర మీద ఉండవచ్చు. పైగా అది సగటు. ఆ రిపోర్టులో దేశం, పరికరం వేరువేరుగా పెట్టి చూడండి. మీరు అమెరికాకి కూడా పంపుతున్నట్టయితే, ఇక్కడ మొదట ఉన్న పేజీ అక్కడ ఆరోదో ఏడోదో కావచ్చు. అలా ఉంటే అక్కడి యాడ్‌ని ఈ పరీక్షలోకి తేకండి, నడవనివ్వండి.

ఇప్పుడు మీరు పంపిన లెక్కకి వస్తాను. షాపు పేరు మీద వారానికి యాడ్ క్లిక్కులు 700, మామూలు లింకు క్లిక్కులు 900, ఖర్చు 4,900. పదిమందిలో ఒకరు కొంటున్నారు కాబట్టి రిపోర్టులో యాడ్ పేరున 70 ఆర్డర్లు పడుతున్నాయి, ఒక్కోటి 70 రూపాయలకి. మీ మేనల్లుడు అబద్ధం చెప్పడం లేదు, తెర మీద కనిపిస్తున్నది అదే. కానీ ఆ 70 మందిలో ఎక్కువమంది ఎలాగూ వచ్చేవాళ్లే. ఎంతమంది అన్నది తెలీకుండానే ఒక హద్దు గీయవచ్చు. ఆర్డరుకి మీకు మిగిలేది 260 కాబట్టి, 4,900 గిట్టాలంటే ఆ యాడ్ వల్ల వారానికి కనీసం 19 ఆర్డర్లు కొత్తగా రావాలి. అంటే దాదాపు 190 క్లిక్కులు. యాడ్ ఆపిన వారంలో మొత్తం క్లిక్కులు 1,600 నుంచి 1,410 వరకు పడిపోయినా మీకు నష్టం లేదు. ఆ హద్దుని పరీక్షకి ముందే ఒక కాగితం మీద రాసి, మీరూ మీ వారూ మేనల్లుడూ ముగ్గురూ చూసుకోండి. పోయిన ఏడాది మీరు భయపడింది ఈ కాగితం లేకనే. ఆర్డర్లు తగ్గితే ఆపడం తప్పని అనుకున్నారు. ఎంత తగ్గితే తప్పు అన్నది ముందు అనుకోలేదు.

ఆపినప్పుడు మామూలు లింకుకి 1,540 క్లిక్కులు వచ్చాయనుకుందాం. ఇది నేను ఉదాహరణకి వేసుకున్న అంకె, మీది వేరే రావచ్చు. పోయినవి 60 క్లిక్కులు, అంటే 6 ఆర్డర్లు. ఆ ఆరింటి కోసం మీరు 4,900 కడుతున్నారు, ఒక్కో ఆర్డరుకి 817 రూపాయలు. రిపోర్టులో ఆర్డరుకి 70 రూపాయలు అని ఉన్నది నిజంగా 817. వారం వారం ఊరికే వచ్చే హెచ్చుతగ్గుల్లో 60 క్లిక్కులు పెద్ద తేడా కాదు కాబట్టి ఆ అంకెని అక్షరాలా నమ్మొద్దు. కానీ అసలు తేడా దానికి రెట్టింపు, 120, అయినా ఆర్డరుకి 408 పడుతుంది. అప్పుడూ ఆపడమే లాభం. హద్దుకి ఇంత దూరంలో ఉన్నప్పుడు అంకె కాస్త అటూ ఇటూ అయినా నిర్ణయం మారదు.

సున్నుండల సంగతి ఇంత తేలిక కాదు. వారానికి యాడ్ క్లిక్కులు 300, మామూలువి 240, ఖర్చు 4,200, పన్నెండుమందిలో ఒకరు కొంటున్నారు. రిపోర్టు ప్రకారం 25 ఆర్డర్లు, ఒక్కోటి 168. యాడ్ ఆపితే మామూలు లింకు 240 నుంచి 360కి పెరిగిందనుకుందాం. మొత్తం 540 కాస్తా 360 అయింది, 180 మంది పోయారు, అంటే 15 ఆర్డర్లు. ఒక్కో కొత్త ఆర్డరుకి 280 పడింది, మీకు మిగిలేది 260. ఒక్కో ఆర్డరు మీద 20 రూపాయల నష్టం. మొదటి చూపులో ఆపేయాలనిపిస్తుంది. కానీ వీళ్లు మీ పేరు తెలీని మనుషులు. వాళ్లలో ఎంతమంది మూడు నాలుగు నెలల్లో మళ్లీ కొంటున్నారో మీ ఆర్డర్ల పుస్తకంలోనే ఉంటుంది. పదిమందిలో ఒక్కరు రెండోసారి కొన్నా ఆ 20 రూపాయలూ తిరిగి వచ్చేసి పైన కాస్త మిగులుతుంది. అలా రాకపోతే పూర్తిగా ఆపక్కర్లేదు. క్లిక్కుకి కట్టే రేటు తగ్గించి, యాడ్ ఒక మెట్టు కింద కనిపించినా ఫర్వాలేదనుకుని మళ్లీ కొలవండి. ఇలా హద్దు దగ్గర పడ్డ పదాల్లో నాలుగు వారాల పరీక్ష చాలదు, ఎనిమిది వారాలు పెట్టాలి.

పరీక్ష ఎలా పెట్టాలో చెప్తాను. ఒక నెల యాడ్‌తో, ఒక నెల లేకుండా అని పెట్టకండి. పిండివంటల వ్యాపారంలో ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు, సంక్రాంతి తర్వాతి వారం మీకు చూపించింది అదే. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం యాడ్ ఉంచి, తర్వాతి వారం ఆపి, మళ్లీ ఉంచి, మళ్లీ ఆపండి. వారం పూర్తిగా తీసుకోవడం ఎందుకంటే ఆదివారం ఆర్డర్లకీ మంగళవారం ఆర్డర్లకీ పోలిక ఉండదు. యాడ్ ఉన్న రెండు వారాల సగటు, లేని రెండు వారాల సగటు పక్కపక్కన పెట్టండి. యాడ్ క్లిక్కుల్ని విడిగా చూడొద్దు, మొత్తం చూడండి. గూగుల్ యాడ్స్ ఖాతాని సెర్చ్ కన్సోల్‌తో కలిపితే `Paid & organic` అనే రిపోర్టు వస్తుంది, అందులో ఒక్కో పదానికి యాడ్ క్లిక్కులూ మామూలు క్లిక్కులూ ఒకే వరసలో కనిపిస్తాయి. సెర్చ్ కన్సోల్ లెక్క రెండు మూడు రోజులు ఆలస్యంగా అందుతుంది, కాబట్టి ఆదివారం రాత్రే తెరిచి కంగారు పడకండి. క్లిక్కులతో పాటు సైట్‌లో వచ్చిన మొత్తం ఆర్డర్లు కూడా రాసుకోండి. క్లిక్కులు తిరిగొచ్చి ఆర్డర్లు రాకపోతే, మామూలు లింకు తీసుకెళ్లే పేజీలోనే ఏదో లోపం ఉందన్నమాట. యాడ్ నేరుగా సున్నుండల పేజీకి, మామూలు లింకు హోమ్ పేజీకి పోతుంటే ఇలాగే అవుతుంది.

పరీక్షని పాడుచేసేవి రెండున్నాయి. మొదటిది నాకే జరిగింది. ఒక బట్టల షాపు వాళ్ల పేరు మీద యాడ్ ఆపించి, ఏమీ తగ్గలేదని సంతోషపడ్డాను. మూడో రోజు, జనం ఏం కొడితే యాడ్ కనిపించిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే, అదే పేరు వెతికినవాళ్లకి ఇంకో క్యాంపెయిన్ యాడ్ చూపిస్తోంది, డబ్బు అక్కడినుంచి పోతోంది. మేం తలుపు వేశామనుకున్నాం, కిటికీ తెరిచే ఉంది. పదాన్ని ఆపితే సరిపోదు. మిగతా క్యాంపెయిన్లలో ఆ పదాన్ని నెగటివ్‌గా పెట్టాలి, అంటే దానికి యాడ్ చూపించొద్దని చెప్పాలి. యాడ్ ఎక్కడ చూపించాలో గూగులే చూసుకునే పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ రకం క్యాంపెయిన్ నడుస్తుంటే అందులో మీ బ్రాండు పేరుని మినహాయించాలి. మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొడతారు కాబట్టి ప్రతి రూపాన్నీ విడిగా చేర్చమనండి:

```
[sunnundalu online]
[sunnunda online]
[sunni undalu online]
[minapa sunnundalu online]
```

రెండోది బడ్జెట్. ఈ రెండు పదాలూ మిగతావాటితో ఒకే క్యాంపెయిన్‌లో ఉంటే, ఇవి ఆపగానే ఆ రోజు డబ్బు అరిసెలకో జంతికలకో పారుతుంది. నెలాఖరుకి ఖర్చు తగ్గదు, అక్కడ ఆర్డర్లు పెరుగుతాయి, ఏది దేనివల్ల జరిగిందో తేలదు. పరీక్షకి ముందే వీటిని వేరే క్యాంపెయిన్‌లోకి మార్చమనండి.

షాపు పేరు యాడ్ ఆపడంలో అసలు ప్రమాదం పోటీవాళ్లు. ఇప్పుడు మీ పేరు కొడితే పైన మీ యాడ్ ఒక్కటే ఉందా, ఇంకెవరిదైనా ఉందా అన్నది `Auction insights`లో చూడండి. ఎవరూ లేకపోతే ఆపినా మీ మామూలు లింకే తెర మీద మొదటిది, కాబట్టి పెద్దగా పోదు. మీతో పాటు ఇంకో పిండివంటల షాపు ఆ పేరు మీదే యాడ్ వేస్తుంటే, మీరు తప్పుకోగానే మీ పైన వాళ్లే నిలబడతారు. అప్పుడు పోయే క్లిక్కులు 60 కాదు, చాలా ఎక్కువ కావచ్చు. ఒక చిక్కేంటంటే మీ యాడ్ ఆగాక ఆ రిపోర్టులో లెక్కలు రావు. ఆపిన వారాల్లో రోజు విడిచి రోజు యాడ్ ప్రివ్యూ అనే పనిముట్టులో హైదరాబాదు, మొబైలు ఎంచుకుని మీ పేరు కొట్టి చూడమనండి. మీ సొంత ఫోనులో పదేపదే వెతకొద్దు, దానివల్ల లెక్కలూ చెదురుతాయి, మీకు కనిపించేదీ అందరికీ కనిపించేది కాదు. మీ షాపు పేరు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరై ఉంటే, వాళ్ల యాడ్ రాతలో మీ పేరు వాడకుండా గూగుల్‌కి ఫిర్యాదు చేయవచ్చు. కానీ మీ పేరుని పదంగా కొనకుండా గూగుల్ వాళ్లని ఆపదు.

ఇక మీ ముందున్న దారులు. ఇవాళే రెండూ ఆపేస్తే నెలకి 39,000 వెంటనే మిగులుతుంది. కానీ సున్నుండల కొత్తవాళ్లు ఎంతమంది పోయారో మీకు ఎప్పటికీ తెలీదు, ఆర్డర్లు తగ్గినప్పుడల్లా ఇంట్లో ఇదే గొడవ మళ్లీ లేస్తుంది. ఇలాగే కొనసాగిస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. కానీ షాపు పేరు మీద పోయే డబ్బులో చాలావరకు మీ పాత ఖాతాదారుల్నే మళ్లీ కొనుక్కోవడం. పరీక్ష పెడితే నాలుగు వారాలు కాస్త గజిబిజిగా ఉంటుంది, ఆపిన రెండు వారాల్లో కొన్ని ఆర్డర్లు నిజంగానే పోవచ్చు. నన్నడిగితే షాపు పేరుతోనే మొదలుపెట్టి, అది తేలాక సున్నుండల జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి వద్దు.

వదినగారి భయం గురించి. ఖర్చులో శాతం ఫీజుగా ఉన్నంతకాలం, యాడ్ ఆపమనడం ఆ అబ్బాయికి తన చేత్తో తన జీతం కోసుకోమన్నట్టే. ఈ రెండు పదాల మీద అతనికి నెలకి వచ్చేది 5,850. ఆ ఫీజు కూడా కలిపితే సున్నుండల కొత్త ఆర్డరు మీకు 280 కాదు, 322 పడుతోంది. పరీక్ష గురించి నోరెత్తకముందే ఫీజు మార్చండి. ఇప్పుడు అన్ని యాడ్స్ మీదా కలిపి అతనికి సగటున నెలకి ఎంత అందుతోందో అంతే మొత్తాన్ని, ఖర్చుతో సంబంధం లేకుండా, ఏడాదికి ఒప్పుకోండి. వదినగారి ముందే ఆ మాట చెప్పండి. అప్పుడు పరీక్ష మీరు అతని మీద పెట్టినది కాదు, అతనే నడిపేది అవుతుంది. షాపు పేరు మీద మిగిలిన డబ్బులో కొంత, మీరు ఇంకా మొదటి స్థానంలో లేని పదాల మీద పెట్టమని అతనికే ఇవ్వండి. పని తెలిసిన కుర్రాడే అయితే అక్కడ తన సత్తా చూపించుకుంటాడు. ఒకవేళ అతను స్థిరమైన ఫీజుకి ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి. హద్దు రాసిన కాగితం మాత్రం అతని చేతే రాయించండి. లెక్క తనది అయితే జవాబు మీద పేచీ తక్కువ.

దసరా, దీపావళి హడావుడి అయ్యాక కార్తీకంలో పెట్టుకోండి. డిసెంబరు నడిమిలో అరిసెల ఆర్డర్లు అందుకునేలోపు షాపు పేరు సంగతి తేలిపోతుంది. ఆపాలని తేలితే, పోటీవాడి యాడ్ మీ పేరు మీద కనిపించిన రోజున, సైటు మార్చి మామూలు లింకు కిందికి జారిన రోజున మళ్లీ పెట్టేలా ఆ క్యాంపెయిన్‌ని తీసేయకుండా పాజ్‌లోనే ఉంచమనండి. సున్నుండల పరీక్ష సంక్రాంతి వారాలు దాటి, ఫిబ్రవరిలో.